దేనికన్నా?

నా కోడుకి రివ్యూలో నలభై కామెంట్లొచ్చినా నాకేం బాధుండదు. "ఈ వేరియబుల్ పేరు బాలేదు" అంటే పేరు మార్చేసి టీ తాగడానికి పోతాను. అలాంటిది, 2024లో నేను తెలుగులో రాసిన ఒక్క పేజీకి వచ్చిన మెయిలు చదివి, ఒక పూటంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఆ మెయిలు గురించే ఇదంతా.

అప్పట్లో మా టీమ్ కిరాణా కొట్లవాళ్ళ కోసం ఒక బిల్లింగ్ యాప్ తయారుచేస్తోంది. ఫోన్లో బిల్లు కొట్టడం, స్టాకు చూసుకోవడం, అరువు ఖాతా రాసుకోవడం, అంతే. ఇంగ్లీషు పేజీ ఎవరో రాశారు. తెలుగు పేజీ దగ్గరికొచ్చేసరికి, "నువ్వు తెలుగు బాగా రాస్తావుగా" అని నా మీద పడేశారు. కాలేజీ మ్యాగజైన్లో రెండు కథలు అచ్చయిన చరిత్ర నాది. రెచ్చిపోయాను. ఇదీ నేను రాసిన మొదటి పేరా:

"చిన్న వ్యాపారుల కోసం ప్రపంచ స్థాయి అత్యాధునిక బిల్లింగ్ యాప్! మెరుపు వేగంతో బిల్లులు. అత్యంత సులభం, ఎవరైనా వాడొచ్చు. నూటికి నూరు శాతం సురక్షితం, మీ లెక్కలు ఎప్పటికీ పోవు. అత్యుత్తమ సేవలు, దేశంలోనే అతి తక్కువ ధరకు!"

రాసి చూసుకుంటే నాకే ముచ్చటేసింది. తెలుగు పేజీలు చూడటానికి కంపెనీ ఒకావిడని పెట్టింది. చాలా ఏళ్ళు ఒక దినపత్రిక డెస్కులో పనిచేసి, ఇప్పుడు విజయవాడలో ఇంటి దగ్గర్నుంచే ఎడిటింగ్ చేస్తున్నారు. సాయంత్రం ఆవిడకి పంపాను. పొద్దున్నే జవాబొచ్చింది. మెయిలు ఇలా మొదలైంది:

"బాబూ, నీ అత్యద్భుతమైన, అనన్యసామాన్యమైన, దేశంలోనే నంబర్ వన్ పేజీ అందింది. ఇంతటి మహోన్నతమైన రచన నేనెన్నడూ చదవలేదు.

ఇప్పుడు చెప్పు. నీ పేజీ నాకు నచ్చిందా, లేదా? అందులో ఏ వాక్యం బాగుందో నీకు తెలిసిందా? తెలీలేదు కదా. నీ మొదటి పేరా చదివిన కొట్టాయనకి కూడా సరిగ్గా అంతే తెలుస్తుంది.

ఇప్పుడు మామూలుగా చెప్తాను. మూడో పేరాలో 'కరెంటు పోయినా, నెట్ పోయినా బిల్లు ఆగదు' అని రాశావు. అది బాగుంది. ఎందుకంటే అందులో కొట్టాయనకి రోజూ జరిగేది ఉంది, అప్పుడు యాప్ ఏం చేస్తుందో ఉంది, నిజమో కాదో ఆయనే నెట్ ఆపేసి చూసుకోవచ్చు. పేజీ అంతటిలో నువ్వు ఒక్క పొగడ్త కూడా వాడని వాక్యం అదొక్కటే. అది నీకు రాయడం వచ్చు కాబట్టే ఈ పొడుగు మెయిలు. రాకపోతే నేనే దిద్ది పంపేసేదాన్ని."

ఇక్కడిదాకా చదివి కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. తర్వాతది అసలు పాఠం.

"వయసులో మా పెద్దబ్బాయికన్నా చిన్నవాడివి, అందుకే నువ్వు అంటున్నా, ఏమనుకోకు. ఒక్క విషయం గమనించు. మనం మాట్లాడేటప్పుడు 'అత్యంత' అనం. 'వాడు ఊళ్ళో అందరికన్నా పొడుగు' అంటాం. 'ఈ మూడింట్లో ఇది చవక' అంటాం. ఇంగ్లీషులో మాట చివర ఒక తోక తగిలిస్తే పనైపోతుంది. తెలుగు మాటకి అలాంటి తోక లేదు. దేనికన్నా, వేటిలో అన్నది చెప్తే గానీ వాక్యం పూర్తవదు. ఆ చిక్కు తప్పించుకోడానికి సంస్కృతం నుంచి 'అత్యంత' తెచ్చుకున్నాం. అతి, అంత: హద్దు దాటినది అని. ఏ హద్దో చెప్పక్కర్లేదు! 'అత్యుత్తమ' ఇంకా తమాషా. ఉత్తమ అంటేనే అన్నిటికన్నా పైది. దాని మీద మళ్ళీ 'అతి' ఎక్కించాం. అన్నిటికన్నా పైదానికన్నా పైన ఏముంటుంది, డాబా మీద నీళ్ళ ట్యాంకా?

కాబట్టి ఇలాంటి మాట కనపడ్డ ప్రతిచోటా పక్కన 'దేనికన్నా?' అని రాసుకో. జవాబుంటే ఆ జవాబే వాక్యంలో పెట్టు. లేకపోతే మాట తీసెయ్యి. కింద కొన్ని నేను చేసి చూపిస్తున్నాను. నాకు మీ యాప్ తెలీదు కాబట్టి ఖాళీలు వదిలాను. అవి నింపాల్సింది నువ్వు.

నీది: ప్రపంచ స్థాయి అత్యాధునిక బిల్లింగ్ యాప్.
నాది: కిరాణా కొట్ల కోసం బిల్లింగ్ యాప్.
తీసేసిన మాటల వల్ల చదివేవాడికి పోయిందేమీ లేదు. అందుకే ఇక్కడ ఖాళీ కూడా పెట్టలేదు.

నీది: దేశంలోనే అతి తక్కువ ధర.
నాది: ఏడాదికి ___ రూపాయలు. అంటే నెలకి ___.
దేశంలో ఉన్న యాప్‌లన్నీ చూశావా? చూశావే అనుకో, రేపు ఎవడో పది రూపాయలు తగ్గిస్తే, నువ్వేమీ చెయ్యకుండానే నీ వాక్యం అబద్ధమైపోతుంది. ధర చెప్తే ఎక్కువో తక్కువో ఆయనే చూసుకుంటాడు. లెక్కలు ఆయనకి మనకన్నా బాగా వచ్చు.

నీది: మెరుపు వేగంతో బిల్లులు.
నాది: పది సరుకుల బిల్లు ___ సెకన్లలో. ఇప్పుడు కాగితం మీద ఆయనకి ___ సెకన్లు పడుతోంది.
మెరుపుతో పోల్చకు. ఆయన ఇప్పుడు చేస్తున్న పద్ధతితో పోల్చు. ఆయన మానేసేది దాన్నే కదా.

మిగిలిన మూడూ నీకే వదిలేస్తున్నాను: 'అత్యంత సులభం, ఎవరైనా వాడొచ్చు', 'మీ లెక్కలు ఎప్పటికీ పోవు', 'అత్యుత్తమ సేవలు'. ఇందులో రెండోది ముందు చూడు. మిగతావి ఉత్త గొప్పలు. అది మాత్రం హామీ."

ఇదీ మెయిలు. చదవగానే నాకొచ్చిన మొదటి ఆలోచన ఏమిటంటే, "అందరూ ఇలాగే రాస్తారు కదా, మనం ఒక్కళ్ళమే తగ్గితే మన యాప్‌లో సరుకు లేదనుకుంటారు" అని. అదే జవాబుగా రాశాను. ఆవిడ వాదించలేదు. 1997లో జాకబ్ నీల్సన్, జాన్ మోర్క్స్ చేసిన ప్రయోగం గురించి రెండు ముక్కలు రాశారు. నెబ్రాస్కా రాష్ట్రంలో చూడాల్సిన చోట్ల గురించి ఒకే వెబ్‌సైటుని ఐదు రకాలుగా రాసి, వేరువేరు మనుషులకిచ్చి వాడించారు. మొదటిదాన్ని నాలాగే పొగడ్తలతో నింపారు. ఒకదాంట్లో ఇంకేమీ మార్చకుండా పొగడ్తలు మాత్రం తీసి మామూలుగా చెప్పారు. వాళ్ళ కొలతల్లో ఆ ఒక్క మార్పుతోనే 27 శాతం మెరుగొచ్చింది. పొగడ్తలో నిజమెంతో వడగట్టుకోవడం చదివేవాడికి అదనపు పని అవుతుందని వాళ్ళ వివరణ. మన భాషలో చెప్పాలంటే, మనం చెయ్యాల్సిన పార్సింగ్ వాడి నెత్తిన పెడుతున్నామన్నమాట. ఇంజనీరుని ఎక్కడ కొట్టాలో ఆవిడకి తెలుసు :)

సరే, ఖాళీలు నింపుదామని కూర్చున్నాను. ధర తేలికే: ఏడాదికి 1,800, నెలకి 150. తర్వాత వేగం. మా ఆఫీసు ఫోన్లో బిల్లు సేవ్ అవ్వడానికి అర సెకను కూడా పట్టదు. 'మెరుపు' నేను అక్కణ్ణుంచే తెచ్చాను. కానీ ఆవిడ అడిగింది కొట్టాయన గడియారంలో ఎంత అని. కాబట్టి 3 జీబీ ర్యామ్ ఉన్న పాత ఫోనొకటి తీసుకుని, మా వీధి చివర కిరాణా కొట్టుకెళ్ళాను. నేను సరుకులు తెచ్చుకునే కొట్టే. ఆయన సరుకులు ఎక్కించడానికే ఒక ఆదివారం మధ్యాహ్నం పోయింది.

మొదటిసారి పది సరుకుల బిల్లుకి ఆయనకి దాదాపు రెండు నిమిషాలు పట్టింది. 'ఎవరైనా వాడొచ్చు' అక్కడే కూలిపోయింది. నాలుగు రోజులు వాడాక 35 సెకన్లకి వచ్చింది. బానే ఉంది కదా అని, కాగితం మీద ఎంతో కొలిచాను. చీటీ, కాలిక్యులేటరు పెట్టుకుని 40 సెకన్లు! మెరుపు కాస్తా ఐదు సెకన్ల తేడాకి దిగింది. నేను డీలా పడిపోతే ఆయన అన్నాడు: "బిల్లుదేముంది బాబూ, రాత్రి కొట్టు కట్టాక ఈ చీటీలన్నీ కూడటానికి ముప్పావు గంట పడుతుంది. నాలుగు రోజుల నుంచీ ఆ పని లేదు."

అదీ మా యాప్ చేస్తున్న అసలు పని! నేను రాసిన పేజీలో దాని ఊసే లేదు. 'మెరుపు వేగం' అని రాసేసి ఊరుకోవడం వల్ల, అసలు వేగం ఎక్కడుందో వెతకాలని కూడా నాకు తోచలేదు.

ఇక ఆవిడ ముందు చూడమన్న వాక్యం. దాని దగ్గరికి నేను కావాలనే ఆఖర్న వెళ్ళానని ఒప్పుకోవాలి. ఎందుకంటే సింక్ కోడు రాసింది నేనే. బిల్లులూ అరువులూ ముందు ఫోన్లోనే ఉంటాయి. ఆరు గంటలకోసారి, నెట్ ఉంటే, సర్వర్‌కి వెళ్తాయి. బ్యాటరీ తినకూడదని, సర్వర్ ఖర్చు తగ్గాలని ఆ ఆరు గంటలు నేనే పెట్టాను. అంటే సాయంత్రం నాలుక్కి సింక్ అయ్యి, రాత్రి తొమ్మిదికి ఫోను బకెట్లో పడితే, మధ్యలో ఐదు గంటల లెక్కలు పోయినట్టే. కొట్లో రద్దీ ఉండేదే ఆ వేళ. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ 'ఎప్పటికీ పోవు' అని నా చేత్తోనే రాశాను. కోడు రాసేటప్పుడు ఒక మనిషిని, పేజీ రాసేటప్పుడు ఇంకో మనిషిని.

అది ఎంత పెద్ద విషయమో కొట్టాయనే చెప్పాడు. బిల్లు పోతే డబ్బు గల్లాపెట్టెలో ఉంటుంది, పర్లేదు. అరువు పోతే డబ్బే పోయినట్టు. ఆయన దగ్గర నలభై ఇళ్ళకి ఖాతాలున్నాయి. మా యాప్ నమ్ముకుని ఎర్ర అట్ట పుస్తకం మానేస్తే, ఆ ఐదు గంటల్లో ఎవరెంత పట్టుకెళ్ళారో ఆయన జ్ఞాపకం తప్ప వేరే రుజువుండదు. "ఫోను పోతే నా ఖాతాలు పోతాయా?" అని సూటిగా అడిగాడు. పేజీలో ఉన్న జవాబు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆఫీసులో ఇదంతా చెప్తే మా ప్రొడక్ట్ మేనేజర్ తేలిగ్గా తీసుకున్నాడు. "పక్కన ఒక చుక్క పెట్టి, కింద చిన్న అక్షరాల్లో 'షరతులు వర్తిస్తాయి' అని వేసెయ్" అన్నాడు. ఎడిటర్ గారికి రాస్తే వెంటనే జవాబిచ్చారు: "కుదరదు. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. కింద వేసే గమనిక పైమాటని వివరించొచ్చు గానీ, పైన చెప్పిన తప్పుని దిద్దడానికి పనికిరాదు. పైన 'పోవు' అని కింద 'పోవచ్చు' అంటే ఆ గమనికే మీ మీద సాక్ష్యం."

ఆ మాటతో పని కదిలింది. 'ఎప్పటికీ' తీసేస్తే సరిపోదు, ఆరు గంటలు కూడా తగ్గాలన్నాను. ఆండ్రాయిడ్లో WorkManager వాడేవాళ్ళకి తెలిసిందే, పదేపదే జరిగే పనికి కనీస విరామం 15 నిమిషాలు. అది కూడా నికరం కాదు. బ్యాటరీ ఆదా పేరుతో కొన్ని ఫోన్లు ఆ పనిని ఇంకా వెనక్కి నెడతాయి. అందుకని విరామం మీద ఆధారపడకుండా, అరువు రాసిన వెంటనే దాన్ని పంపేలా మార్చాం. నెట్ లేకపోతే వచ్చాక పంపుతుంది. ఎంతవరకు వెళ్ళిందో తెర పైన టైముతో సహా కనిపిస్తుంది. రెండు వారాలు పట్టింది. ఒక విశేషణం తీసెయ్యబోతే రెండు వారాల పని తేలుతుందని నేను ఊహించలేదు.

ఈలోగా నాలో ఇంజనీరు ఊరుకోడు కదా. మళ్ళీ ఇలాంటి మాటలు దొర్లకుండా ఒక చెక్ పెట్టుకున్నాను:

```
grep -nE 'అత్యంత|అత్యు|అత్యా|అతి|నంబర్ వన్|100%' page_te.md
```

గర్వంగా ఆవిడకి పంపాను. నిజానికి అది పట్టినవాటిలో 'లోగో ఇక్కడ అతికించండి' కూడా ఉంది :) ఆవిడ దాని గురించి ఏమీ అనలేదు గానీ, "నీ జల్లెడలో 'ఎప్పటికీ', 'ఎవరైనా' పడ్డాయా?" అని అడిగారు. పడలేదు. పేజీలో అన్నిటికన్నా ప్రమాదమైన రెండు మాటలూ మామూలు తెలుగు మాటలే. 'ఎప్పటికీ' అంటే కాలమంతటి మీదా హామీ. 'ఎవరైనా' అంటే మనుషులందరి మీదా హామీ. చూడ్డానికి పొగడ్తల్లా ఉండవు, అందుకే ఏ జల్లెడకీ దొరకవు. వాక్యం వాక్యం చదివి 'ఇది తప్పని ఎలా తేలుతుంది?' అనుకోవడం తప్ప దారి లేదు. టెస్ట్ కేసు రాయడం లాంటిదే.

మరి పొగడ్త ఎప్పుడూ వాడకూడదా అనడిగాను. దానికావిడ 1958లో డేవిడ్ ఓగిల్వీ రోల్స్ రాయిస్ కారుకి రాసిన ప్రకటన చూడమన్నారు. గంటకి 60 మైళ్ళ వేగంతో పోతున్నప్పుడు ఆ కార్లో అన్నిటికన్నా పెద్ద చప్పుడు ఎలక్ట్రిక్ గడియారానిదేనట. "చూశావా, అందులోనూ 'అన్నిటికన్నా' ఉంది. కానీ ఎక్కడ? ఆ కారు లోపల. ఎప్పుడు? 60 మైళ్ళ దగ్గర. దేనికన్నా? మిగతా చప్పుళ్ళకన్నా. 'ప్రపంచంలోకెల్లా నిశ్శబ్దమైన కారు' అని ఉంటే ఇన్నేళ్ళ తర్వాత మనం దాని గురించి మాట్లాడుకునేవాళ్ళం కాదు" అని రాశారు.

చివరికి నేను పంపిన పేరా ఇది:

"కిరాణా కొట్ల కోసం బిల్లింగ్ యాప్. రాత్రి కొట్టు కట్టాక చీటీలు కూడుకునే పని ఉండదు, ఆ రోజు మొత్తం తెర మీద ఉంటుంది. కరెంటు పోయినా, నెట్ పోయినా బిల్లు ఆగదు. సరుకులు ఎక్కించడానికి ఒక పూట, చెయ్యి తిరగడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. అరువు రాయగానే మా సర్వర్లో కూడా భద్రమవుతుంది. నెట్ లేనప్పుడు రాసినవి, నెట్ వచ్చేదాకా మీ ఫోన్లోనే ఉంటాయి. ఎంతవరకు భద్రమయ్యాయో తెర పైన టైము కనిపిస్తుంది. సందేహం ఉంటే ఉదయం 9 నుంచి రాత్రి 9 వరకు ఫోను చెయ్యండి, తెలుగులో మాట్లాడతాం. ఏడాదికి 1,800 రూపాయలు, నెలకి 150."

'మూడు నాలుగు రోజులు' మీద మేనేజర్ కాసేపు గునిశాడు. ముందే చెప్తే ఎవరు కొంటారని. చెప్పకపోతే మొదటిరోజే రెండు నిమిషాలు పట్టిందని తీసేస్తారు, చెప్తే నాలుగోరోజు దాకా ఆగుతారు అన్నాను. ఉండనిచ్చాడు.

పేజీ బయటికి వెళ్ళే ముందు ఫోన్లో కొట్టాయనకి చూపించాను. గబగబా చదువుతూ పోతున్నవాడు అరువు వాక్యం దగ్గర ఆగి రెండోసారి చదివాడు. "అయితే కొట్టు కట్టేముందు పైన టైమొకసారి చూసుకోవాలన్నమాట" అన్నాడు. అంతే, ఆ పేజీ చెప్పాల్సింది అదే. నా మొదటి పేజీ చదివుంటే ఆ మనిషికి ఆ జాగ్రత్త తట్టే అవకాశమే లేదు.

ఎడిటర్ గారి దగ్గర్నుంచి రాత్రికి ఒక్క లైను జవాబొచ్చింది:

"బాగుంది. దేనికన్నా అని అడుగుతావేమో, నీ మొదటిదానికన్నా."